పిల్లల వాచీకి, బటన్ ఫోన్‌కి అనుమతించిన నంబర్లు మాత్రమే: జాబితా పెట్టడం, పరీక్షించడం, చూసుకోవడం

పిల్లల జీపీఎస్ వాచీ కొన్న చాలా ఇళ్లలో యాప్ తెరిచి అమ్మ, నాన్న నంబర్లు వేసి అక్కడితో ఆపేస్తారు. ఇక వేరేవాళ్లెవరూ కాల్ చేయలేరని నమ్మకం. కానీ కాంటాక్ట్స్‌లో పేరు చేర్చడం వేరు, ఆ పేర్లు తప్ప మిగతావి ఆపేయడం వేరు. మొదటిది మాత్రమే చేస్తే పాప అమ్మకు కాల్ చేయగలుగుతుంది, అంతే. క్రెడిట్ కార్డు అమ్మేవాళ్ల కాల్ కూడా ఆ వాచీకి హాయిగా వస్తుంది.

కాల్స్ నడిచేది రెండు దిశల్లో. వాచీ నుంచి బయటికి వెళ్లేవి ఒకటి, బయటి నుంచి వాచీకి వచ్చేవి ఒకటి. దాదాపు అన్ని వాచీల్లోనూ, ఫోన్లలోనూ ఈ రెంటికీ సెట్టింగ్స్ విడివిడిగా ఉంటాయి. ఒకటి బిగించి రెండోది వదిలేయడం వల్లే ఎక్కువ గొడవ.

సిమ్ దగ్గరే తేలిపోయే సంగతులు

మన దగ్గర మైనర్ల పేరుతో సిమ్ ఇవ్వరు కాబట్టి సిమ్ అమ్మ పేరునో నాన్న పేరునో తీసుకోవాలి. తక్కువ ధర వాచీల్లో చాలావరకు 2జీ మీదే నడుస్తాయి. జియోకి 2జీ లేదు కాబట్టి అలాంటి వాచీలో జియో సిమ్ వేస్తే నెట్‌వర్కే రాదు. వాచీ పాడైందని షాపుకి తిరిగే ముందు పెట్టె మీద 2జీనా 4జీనా చూసుకోండి. సిమ్‌కి పిన్ లాక్ ఉంటే ముందు మీ ఫోన్లో వేసి దాన్ని తీసేయాలి, వాచీలో పిన్ కొట్టే వీలు ఉండదు.

కొత్త సిమ్ అంటే కొత్త నంబరని కాదు. వేరే ఎవరో వదిలేసిన నంబరు మీకు రావచ్చు. మూతపడిన మొబైల్ నంబరును కనీసం 90 రోజుల వరకు ఇంకొకరికి కేటాయించరు, ఆ తర్వాత కేటాయించవచ్చు. పాతాయన స్నేహితులు, ఆయనకు అప్పిచ్చిన లోన్ యాప్ రికవరీ వాళ్లు అందరూ మీ పాప వాచీకే కాల్ చేస్తారు. అందుకే సిమ్ తెచ్చాక రెండు మూడు రోజులు మీ ఫోన్లోనే వేసుకుని ఏ కాల్స్ వస్తున్నాయో చూడండి. రోజుకు నాలుగు వస్తుంటే ఆ నంబరు వద్దని మార్చుకోవడమే సుఖం. 1909కి కాల్ చేసి డీఎన్‌డీ పెట్టించండి. ఆ నంబరును బ్యాంకుకు గానీ, గ్యాస్‌కు గానీ, షాపింగ్ యాప్‌కు గానీ ఎక్కడా ఇవ్వకండి.

యాప్ తెరవకముందు కాగితం

జాబితా ముందు కాగితం మీద రాయాలి. ఒక ఇంటిని ఊహించుకుందాం. విజయవాడలో నాలుగో తరగతి పాప. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగస్తులు, మధ్యాహ్నం నుంచి ఇంట్లో అమ్మమ్మ ఉంటుంది, బడికి వ్యాన్‌లో వెళ్తుంది, డాలస్‌లో మేనమామ ఉన్నాడు. ఈ ఇంటి మొదటి జాబితా ఇలా ఉంటుంది: అమ్మ, నాన్న, అమ్మమ్మ, పక్క వీధిలో ఉండే పిన్ని, వ్యాన్ డ్రైవర్, స్కూల్ ఆఫీసు, డాలస్ మావయ్య. ఏడుగురు. చూడ్డానికి బాగానే ఉంది కానీ ఇది మనుషుల జాబితా. వాచీకి కావాల్సింది నంబర్ల జాబితా.

నాన్న ఫోన్లో రెండు సిమ్‌లు. ఆఫీసు సిమ్ నుంచి ఆయన కాల్ చేస్తే వాచీ దృష్టిలో ఆయన అపరిచితుడే. అమ్మమ్మ ఫోన్‌దీ అదే కథ, పైగా ఏ సిమ్ నుంచి కాల్ వెళ్తోందో ఆవిడ చూసుకోదు. కాబట్టి నాన్నకు రెండు నంబర్లు వేయాలి. అమ్మమ్మ ఫోన్లో మాత్రం సెట్టింగ్స్‌కి వెళ్లి కాల్స్‌కి ఒకే సిమ్ ఖాయం చేసేస్తే సరిపోతుంది.

స్కూల్ ఆఫీసు నంబరు డైరీ మీద అచ్చేసి ఉంటుంది కదా అని అదే వేస్తే కుదరకపోవచ్చు. స్కూల్లో నాలుగైదు లైన్లు ఉంటే లోపలికి వచ్చే కాల్స్‌కి ఒక నంబరు, బయటికి వెళ్లే కాల్స్‌లో కనిపించేది ఇంకో నంబరు. ఆఫీసులో అడిగి ఒకసారి మీ మొబైల్‌కి కాల్ చేయించుకోండి. మీ తెరమీద కనిపించిన నంబరునే కాగితం మీద రాయండి. ల్యాండ్‌లైన్ అయితే 0866 తో మొదలవుతుందా, +91866 తో మొదలవుతుందా అన్నది కూడా అలాగే చూసి రాయాలి.

వ్యాన్ డ్రైవర్ నంబరు గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది. డ్రైవర్లు మారుతుంటారు, సెలవు పెడితే వేరే ఆయన వస్తాడు. వ్యాన్ ఆలస్యమైతే ఆ కబురు అందాల్సింది మీకు, పాపకు కాదు. డ్రైవర్ నంబరు మీ ఫోన్లో ఉంటే చాలు, వాచీలో వద్దు.

ఇక డాలస్ మావయ్య. ఆయన మామూలుగా +1 నంబరు నుంచి కాల్ చేస్తే పేరు కనిపిస్తుంది, కాల్ కలుస్తుంది. కానీ చవగ్గా ఇండియాకి మాట్లాడే యాప్‌ల నుంచి చేస్తే ఇక్కడ ఏదో సంబంధంలేని నంబరు కనపడుతుంది, ఒక్కోసారి అసలు నంబరే ఉండదు. జాబితాకి అది ఎక్కదు. వాట్సాప్ కాల్ ఈ తరహా వాచీకి ఎలాగూ రాదు. ఆయన కోసం తెలియని నంబర్లన్నిటికీ దారి తెరవడం కంటే, ఆదివారం అమ్మ ఫోన్లో వీడియో కాల్ మాట్లాడించడం నయం.

ఇదంతా అయ్యాక కాగితం మీద మిగిలేవి: అమ్మ, నాన్న సొంత సిమ్, నాన్న ఆఫీసు సిమ్, అమ్మమ్మ, పిన్ని, స్కూల్ బయటికి వాడే లైన్. ఆరు నంబర్లు. తొమ్మిదేళ్ల పిల్లకు ఇంతకంటే అక్కర్లేదు.

యాప్‌లో చేయాల్సిన పని

మన మార్కెట్లో దొరికే చవక జీపీఎస్ వాచీల్లో చాలా వాటికి SeTracker లేదా అలాంటిదే ఇంకో యాప్ ఉంటుంది. మెనూల పేర్లు మోడల్‌ని బట్టి మారతాయి, కాబట్టి పేరు కంటే అది చేసే పనిని పట్టుకోండి.

వాచీని మొదట ఎవరి ఖాతాతో జోడిస్తే వాళ్లే అడ్మిన్. షాపు కుర్రాడు తన ఫోన్లో యాప్ వేసి "చూపిస్తానండీ" అంటే వద్దనండి. మీ ఫోన్లోనే, మీ ఖాతాతోనే జోడించండి. వాచీ వెనకాల గానీ పెట్టె మీద గానీ ఉండే క్యూఆర్ కోడ్, ఐడీ నంబరు జోడింపుకు తాళంచెవులు. ఫొటో తీసి ఎవరికీ పంపకండి.

తర్వాత Phonebook అనే చోట ఆరు నంబర్లూ ఎక్కించండి. మొబైల్ నంబర్లకు +91 పెట్టాలా వద్దా అన్నది వాచీని బట్టి ఉంటుంది. కొన్ని చివరి అంకెలను మాత్రమే పోల్చి చూస్తాయి, వాటికి ఎలా వేసినా ఒకటే. కొన్ని అక్షరం పొల్లుపోకుండా పోలుస్తాయి. ముందు పది అంకెలతో వేసి పరీక్షించండి, కాల్ ఆగిపోతే +91తో వేసి చూడండి.

మూడో పని అసలైనది. తెలియని కాల్స్‌ని తిరస్కరించే మీట ఒకటి ఉంటుంది, Reject unknown calls లాంటి పేరుతో. దాన్ని ఆన్ చేయాలి. అదే పేజీలోనో పక్కనో డయల్ ప్యాడ్‌ని ఆపే మీట కూడా ఉంటుంది. వాచీ తెరమీద అంకెలు కొట్టే అవకాశం ఉంటే పాప ఎవరికైనా కాల్ చేయగలదు, కాబట్టి అదీ ఆపండి. మొదటిది లోపలికి వచ్చే దారిని, రెండోది బయటికి వెళ్లే దారిని మూస్తుంది.

SOS నంబర్లు చాలా వాచీల్లో వేరే జాబితా, సాధారణంగా మూడు. బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే వాచీ మొదటి నంబరుకి, వాళ్లు ఎత్తకపోతే రెండోదానికి, తర్వాత మూడోదానికి చేసుకుంటూ పోతుంది. అందుకే ఈ వరస చాలా ముఖ్యం. పగలు ఫోన్ సైలెంట్‌లో పెట్టి మీటింగుల్లో ఉండే మనిషి మొదటి స్థానంలో ఉండకూడదు. మన ఉదాహరణలో అమ్మమ్మ, అమ్మ, నాన్న అన్నది సరైన వరస. ఎవరి నంబరుకైనా కాల్ ఫార్వర్డింగ్ ఉంటే, అవతల ఎవరో ఎత్తగానే వాచీ తన పని అయిపోయిందనుకుని ఆగిపోతుంది. 112, 1098 లాంటివి SOS జాబితాలో పెట్టకండి. పిల్లలు ఆ బటన్‌ని తెలియక నొక్కడం మామూలే. ఆ నంబర్లు బిడ్డకు నోటికి వచ్చేలా నేర్పండి.

యాప్‌లో సేవ్ కొట్టగానే వాచీలో మారిపోదు. వాచీకి ఆ క్షణంలో డేటా సిగ్నల్ ఉండాలి. స్విచాఫ్‌లో ఉన్నా, లిఫ్టులో ఉన్నా పాత జాబితాయే నడుస్తుంటుంది. కాబట్టి వాచీ చేతిలోకి తీసుకుని కాంటాక్ట్స్ తెరిచి, ఆరు పేర్లూ దాని తెరమీదే కనిపించాక మాత్రమే పని అయినట్టు లెక్క.

పరీక్ష

ఈ భాగం వదిలేసేవాళ్లే ఎక్కువ, పావుగంట పని. క్లాస్ మోడ్ పెట్టి ఉంటే ముందు అది లేని వేళ చూసుకోండి. బడివేళల్లో అది జాబితాలో ఉన్నవాళ్ల కాల్స్‌ని కూడా ఆపేస్తుంది కాబట్టి లెక్క తప్పుతుంది.

ముందు జాబితాలో ఉన్న ప్రతి నంబరు నుంచీ వాచీకి కాల్ చేయించండి. నాన్న రెండు సిమ్‌ల నుంచీ. తర్వాత జాబితాలో లేని ఫోన్ నుంచి, అంటే పక్కింటివాళ్లదో ఆఫీసు స్నేహితుడిదో తీసుకుని చేయండి. వాచీ మోగకూడదు. చేసినవాళ్లకి మాత్రం ఒక రింగ్ వినిపించి కట్ అవడమో, బిజీ టోన్ రావడమో జరుగుతుంది. ఈ సంగతి అమ్మమ్మకి ముందే చెప్పి ఉంచండి. లేకపోతే ఎప్పుడైనా వేరే ఫోన్ నుంచి చేసినప్పుడు పిల్లే కట్ చేసిందనుకుని టెన్షన్ పడిపోతుంది.

తర్వాత వాచీ నుంచి ప్రతి పేరుకీ ఒక కాల్. డయల్ ప్యాడ్ ఎక్కడైనా కనిపిస్తుందేమో వెతకండి. కాల్ హిస్టరీలోకి వెళ్లి తిరస్కరించిన నంబరు అక్కడ పడిందా, దాన్ని నొక్కితే తిరిగి కాల్ వెళ్తుందా చూడండి. కొన్ని మోడళ్లలో ఇలా వెనక గుమ్మం తెరిచే ఉంటుంది. చివరగా SOS నొక్కండి. మొదటి ఇద్దరూ ఎత్తకుండా ఊరుకోవాలి, మూడోవాళ్ల ఫోన్ మోగిందా లేదా చూడాలి.

తెలియని కాల్ లోపలికి వచ్చేసిందంటే కారణం సాధారణంగా మూడింట్లో ఒకటి. మీట వాచీకి ఇంకా చేరలేదు, ఆ నంబరు SOS జాబితాలో పాతగా మిగిలిపోయింది, లేదా ఆ వాచీ చివరి కొన్ని అంకెలే పోలుస్తోంది. వాచీ ఆపి మళ్లీ ఆన్ చేసి ఇంకోసారి చూడండి. అప్పటికీ వస్తుంటే ఆ మోడల్‌లో ఈ సదుపాయం పేరుకే ఉందని అర్థం. తిరిగి ఇచ్చే గడువు దాటకముందే వెనక్కి ఇచ్చేయండి.

జాబితా చూడని దారులు

జాబితా కాపలా కాసేది మామూలు కాల్స్‌కి మాత్రమే. పక్కదారులు మూడు నాలుగు ఉన్నాయి.

ఒకటి ఎస్సెమ్మెస్. SeTracker రకం వాచీలు సందేశం రూపంలో వచ్చే ఆదేశాలకు కూడా జవాబిస్తాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే పాస్‌వర్డ్ చాలా వాటిలో 123456. జాబితాలో లేని ఫోన్ నుంచి వాచీ నంబరుకి ఈ సందేశం పంపి చూడండి:

```
pw,123456,ts#
```

దాని ఐడీ, ఐఎంఈఐ, సర్వర్ వివరాలతో జవాబు వచ్చిందంటే, వాచీ నంబరు తెలిసిన ఎవరైనా దానితో మాట్లాడగలరన్నమాట. యాప్‌లో పాస్‌వర్డ్ మార్చే చోటు ఉంటే వెంటనే మార్చండి. లేకపోతే మాన్యువల్‌లో చూడండి, అమ్మినవాళ్లని అడగండి. ఎలాగూ మార్చలేని వాచీ అయితే ఆ నంబరు ఇంటి గడప దాటకూడదు. స్కూల్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం అసలే వద్దు.

రెండోది స్నేహం కలుపుకునే సదుపాయం. అదే రకం వాచీ ఉన్న ఇద్దరు పిల్లలు పక్కపక్కన నిలబడి ఊపితే ఒకరికొకరు చేరిపోయి సందేశాలు పంపుకునే ఏర్పాటు కొన్నిట్లో ఉంటుంది. 4జీ వాచీల్లో వీడియో కాల్, చాట్ కూడా ఉంటాయి. ఇవి టెలిఫోన్ నంబరుతో కాకుండా యాప్ ఖాతాతో నడుస్తాయి కాబట్టి కాల్స్ జాబితా వీటిని పట్టించుకోదు. విడిగా ఆపాలి.

మూడోది రహస్యంగా వినే సదుపాయం. వాచీ మోగకుండానే చుట్టుపక్కల మాటలు వినిపించే ఈ ఏర్పాటు వల్లే జర్మనీ 2017లో ఇలాంటి పిల్లల వాచీల అమ్మకాన్ని నిషేధించింది. క్లాసులో టీచర్ మాటలు, పక్కపిల్లల మాటలు కూడా వినిపిస్తాయి కదా. నా మాట అడిగితే ఆపేయమనే చెబుతాను.

ఇంకో పరిమితి ఉంది, దీనికి సెట్టింగ్ లేదు. వాచీ నమ్మేది తెరమీద పడిన నంబరుని, అవతల మాట్లాడే మనిషిని కాదు. 2018లో బ్రిటన్‌లోని Pen Test Partners పరిశోధకులు MiSafes అనే వాచీ మీద ఇది చేసి చూపించారు. జాబితాలో ఉన్న నంబరులా కనిపించేటట్టు కాల్ చేస్తే వాచీ దాన్ని లోపలికి రానిచ్చింది. అందుకని పిల్లకి ఒక మాట నేర్పండి: అమ్మ నంబరు నుంచి వేరే గొంతు వచ్చి "కిందకి రా, బయటికి రా" అంటే పెట్టేసి తనే అమ్మకి తిరిగి చేయాలి.

బటన్ ఫోన్ అయితే

హాస్టల్లో ఉండే పిల్లలకి, ఏడో తరగతి దాటినవాళ్లకి చాలామంది బటన్ ఫోన్ ఇస్తారు. దీనికి యాప్ ఉండదు, కానీ సిమ్‌లోనే పాతకాలపు గట్టి సదుపాయం ఒకటి ఉంది: ఫిక్స్‌డ్ డయలింగ్. ఫోన్‌ని బట్టి సెక్యూరిటీ సెట్టింగ్స్‌లోనో కాల్ సెట్టింగ్స్‌లోనో Fixed dialling లేదా FDN అని ఉంటుంది. ఆన్ చేస్తే జాబితాలోని నంబర్లకి తప్ప వేటికీ కాల్ వెళ్లదు. 112 లాంటి అత్యవసర కాల్ మాత్రం వెళ్తుంది.

దీనికి పిన్2 కావాలి. సిమ్ తీసుకున్న కంపెనీ కస్టమర్ కేర్‌ని అడిగి తెలుసుకోండి. ఊహించి కొట్టకండి, మూడుసార్లు తప్పితే అది మూసుకుపోయి పీయూకే2 అడుగుతుంది. పిన్2 దొరికాక దాన్ని వెంటనే మార్చుకోండి, ఎందుకంటే జాబితాని ఎవరు మార్చగలరన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

నంబర్లు వేసేటప్పుడు +91 విషయం ఇక్కడ మరీ కచ్చితం. +91తో సేవ్ చేసి, పిల్లవాడు పది అంకెలే కొడితే కాల్ వెళ్లదు. రెండు రూపాల్లోనూ వేయడం మేలు. ఇంకో ఇబ్బంది: ఫిక్స్‌డ్ డయలింగ్ ఆన్ అయ్యాక బ్యాలెన్స్ చూసే స్టార్ కోడ్‌లు పనిచేయవు, ఎస్సెమ్మెస్ కూడా ఆగిపోతుంది. పిల్లవాడు మెసేజ్ పంపాలంటే మెసేజ్ సెంటర్ నంబరును కూడా జాబితాలో చేర్చాలి. మెసేజ్ సెట్టింగ్స్‌లో ఆ నంబరు కనిపిస్తుంది.

ఫిక్స్‌డ్ డయలింగ్ వచ్చే కాల్స్‌ని ఏమీ చేయదు. ఆ పని ఫోన్ చేయాలి. కొన్ని బటన్ ఫోన్లలో వైట్‌లిస్ట్ అనో, కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్ల కాల్స్ మాత్రమే అనో ఉంటుంది. చాలావాటిలో ఉండేది బ్లాక్‌లిస్ట్ మాత్రమే, అది మనకు పనికిరాదు. ఊళ్లోవాళ్లందరినీ ఒక్కొక్కరిగా ఎవరు ఆపుతారు? షాపులోనే మెనూ తెరిపించి చూసి కొనండి. రెండు సిమ్‌ల ఫోన్ అయితే ఈ తాళం ఒక్క సిమ్‌కే పడుతుందని గుర్తుంచుకోండి. రెండో గదిలో స్నేహితుడి సిమ్ పెడితే అది స్వేచ్ఛగా పనిచేస్తుంది.

ఇంటర్నెట్ అక్కర్లేని ఇలాంటి ఫోన్‌కి కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్యాకులు అడగండి. 2024 డిసెంబరులో ట్రాయ్ అలాంటివి తప్పనిసరి చేసింది, గడువు 365 రోజుల వరకు ఉండొచ్చు.

జాబితా పాతబడకుండా

జాబితా మార్చే హక్కు ఇంట్లో ఒక్కరికే ఉండాలి. ఇద్దరు అడ్మిన్లు ఉంటే ఒకరు తీసేసిన నంబరు ఇంకొకరు చేరుస్తుంటారు. మార్చినప్పుడల్లా కాగితం మీద కూడా మార్చి, తేదీ వేసి ఉంచండి. రేపు వాచీ పోయినా, రీసెట్ చేయాల్సి వచ్చినా అదే అక్కరకొస్తుంది.

చేర్చడం కంటే తీసేయడం దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. పిన్ని నంబరు మార్చుకుంది, కొత్తది చేర్చారు, పాతది అలాగే ఉండిపోయింది. ఆ పాత నంబరు మూడు నెలలు దాటాక ఎవరి చేతికైనా వెళ్లొచ్చు, వాళ్ల కాల్‌ని మీ వాచీ "పిన్ని" అన్న పేరుతో చూపించి మరీ మోగిస్తుంది. కాబట్టి ఎవరిదైనా మారిందని తెలిసిన రోజే పాతది తీసేయండి. Phonebookలో తీసి SOSలో వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు, రెండు చోట్లా చూడండి. జూన్‌లో బడి తెరిచే ముందు ఒకసారి, దసరా సెలవుల్లో ఒకసారి ఆ పావుగంట పరీక్ష మళ్లీ చేస్తే చాలు.

పిల్లలు పెరిగేకొద్దీ "మా ఫ్రెండ్ నంబరు వెయ్యి" అని మొదలవుతుంది. వద్దంటే వేరే దారి వెతుక్కుంటారు, సరే అంటే జాబితా చాంతాడంత అవుతుంది. దీనికి నేను చెప్పే పద్ధతి: ఫ్రెండ్ నంబరు కాకుండా ఫ్రెండ్ వాళ్ల అమ్మదో నాన్నదో నంబరు తీసుకోండి, చేర్చే ముందు మీరే ఒకసారి కాల్ చేసి మాట్లాడండి. అవతలివాళ్లు ఏ ఫోన్ నుంచి చేయనిస్తారో, ఏ వేళకో అప్పుడే తేల్చుకోవచ్చు. ఒకేసారి ఇద్దరు ఫ్రెండ్స్‌కి మించి వద్దు. మూడో పేరు కావాలంటే ముందున్న ఇద్దరిలో ఎవరిది తీయాలో పాపనే చెప్పమనండి.